"మీ ప్రొఫైల్ మా దగ్గర ఉంచుకుంటాం" అన్నారంటే ఎదురుచూడాలా?

ప్రశ్న: మూడు రౌండ్లూ బాగానే జరిగాయి, చివరిది మేనేజర్‌తో గంటసేపు. రెండు వారాల తర్వాత "వేరే అభ్యర్థితో ముందుకు వెళ్తున్నాం, మీ ప్రొఫైల్ మా దగ్గర ఉంచుకుంటాం, తగిన అవకాశం వస్తే సంప్రదిస్తాం" అని మెయిల్ వచ్చింది. ఇది మర్యాదగా చెప్పిన నో యేనా, లేక నిజంగా పిలుస్తారా? చేతిలో ఇంకో ఆఫర్ ఉంది. దాన్ని కొన్నాళ్లు ఆపి చూడనా?

ఆపకండి. చేతిలో ఉన్న ఆఫర్ మీకు నచ్చినదైతే ఒప్పుకోండి. ఆ మెయిల్ ఈ ఉద్యోగం వరకు కచ్చితంగా నో. అయితే మీరు చెప్పిన వివరాలు చూస్తే, మీరు వాళ్ల లిస్టులో రెండో స్థానంలో ఉండి ఉండే అవకాశం బాగానే ఉంది. అదే నిజమైతే రాబోయే కొన్ని వారాల్లో ఫోన్ రావచ్చు. రాకపోవచ్చు కూడా, అందుకే దాని మీద ఆధారపడి ఏ నిర్ణయమూ ఆపొద్దంటున్నాను. ఆ అవకాశం పోకుండా మీరు చేయాల్సింది ఒక చిన్న జవాబు రాయడం, అంతే. ఏం రాయాలో కింద చెబుతాను.

నేను చాలా ఏళ్లుగా నియామకాల పనిలోనే ఉన్నాను. మొదట కన్సల్టెన్సీలో, తర్వాత కంపెనీల హెచ్‌ఆర్‌లో పనిచేశాను. మీకు వచ్చిన వాక్యం ఉన్న మెయిళ్లు నా చేతుల మీదుగా లెక్కలేనన్ని వెళ్లాయి. కాబట్టి అది లోపల ఎలా పుడుతుందో ముందు చెబుతాను. అది తెలిస్తే ఎంత నమ్మాలో మీకే అర్థమవుతుంది.

ఓ మోస్తరు పెద్ద కంపెనీలు చాలావరకు దరఖాస్తులను ఒక సాఫ్ట్‌వేర్‌లో నడిపిస్తాయి. ఏటీఎస్ అంటారు. ప్రతి ఖాళీకీ అందులో ఒక నంబరు ఉంటుంది. దాని కింద అభ్యర్థులందరూ ఏ దశలో ఉన్నారో కనిపిస్తుంది. రెజ్యూమె చూశారా, ఫోన్‌లో మాట్లాడారా, ఇంటర్వ్యూ అయిందా, ఆఫర్ ఇచ్చారా అని. ఎవరినైనా వద్దనుకున్నప్పుడు రిక్రూటర్ వాళ్ల పేరు ఎదురుగా రిజెక్ట్ నొక్కి, కారణాల లిస్టులోంచి ఒకటి ఎంచుకుంటారు. వెంటనే ముందే రాసి పెట్టిన మెయిల్ ఒకటి తయారవుతుంది. "మీ ప్రొఫైల్ ఉంచుకుంటాం" అనే వాక్యం చాలా కంపెనీల్లో ఆ మెయిల్‌లో మొదటినుంచీ ఉంటుంది. రెజ్యూమె దశలోనే పక్కన పెట్టిన మనిషికీ, చివరి రౌండ్‌లో వెంట్రుకవాసిలో తప్పిపోయిన మనిషికీ వెళ్లేది చాలాసార్లు ఒకే మెయిల్.

అందుకే ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదువుకున్నా సమాచారం దొరకదు. సమాచారం దాని చుట్టూ ఉంటుంది: ఏ దశలో వచ్చింది, ఎన్నాళ్లకు వచ్చింది, మీకు మాత్రమే వర్తించే మాట అందులో ఏదైనా ఉందా అన్నవాటిలో.

మరి ఉంచుకుంటాం అన్నది అబద్ధమా? కాదు, నిజంగానే ఉంటుంది. కానీ దానికోసం ఎవరూ ప్రత్యేకంగా ఏమీ చేయరు. సాఫ్ట్‌వేర్‌లో పడిన రెజ్యూమె ఎవరూ తీసేయకపోతే అక్కడే ఉంటుంది. కొన్ని చోట్ల చట్టమే ఉంచమంటుంది. అమెరికాలో 15 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు నియామకాల రికార్డులను ఏడాదిపాటు దాచాలి. ఎందుకు తీసుకోలేదని రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే చూపించడానికి. యూరప్‌లో దీనికి మరో కోణం ఉంది. 2018 మే నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే చట్టం ప్రకారం అవసరం తీరాక వ్యక్తిగత వివరాలను ఊరికే దాచుకోకూడదు. అందుకే అక్కడి కంపెనీలు "మీ వివరాలు ఇంకొంతకాలం ఉంచుకోవచ్చా" అని అనుమతి అడుగుతుంటాయి. ఈ రెండిటిలో ఏదీ మీ మీద ప్రత్యేకమైన ఆసక్తికి గుర్తు కాదు.

కొత్త ఖాళీ వచ్చినప్పుడు రిక్రూటర్ ఎక్కడ వెతుకుతారన్నది అసలు విషయం. మామూలుగా మొదట సొంత ఉద్యోగుల్లో ఎవరైనా మారతారా అని చూస్తారు. తర్వాత ఉద్యోగులు సిఫార్సు చేసినవాళ్లు, ఆ ప్రకటనకు కొత్తగా దరఖాస్తు చేసినవాళ్లు. పాత రెజ్యూమెల గుట్టలోకి వెళ్లేది వీళ్లెవరూ సరిపోనప్పుడే. వెళ్లినా అక్కడ నైపుణ్యాల పేర్లతో వెతుకుతారు. పది నెలల కిందటి రెజ్యూమె కనిపిస్తే ఈ మనిషి ఇంకా ఉద్యోగం కోసం చూస్తున్నారా లేదా అన్న అనుమానం వస్తుంది. పక్కనే ఈ నెలలో దరఖాస్తు చేసిన మనిషి ఉంటే ఫోన్ వాళ్లకే వెళ్తుంది. రెజ్యూమె దశలోనే నో వచ్చినవాళ్లకు "ఉంచుకుంటాం" అన్న మాట వల్ల పిలుపు రావడం చాలా అరుదు కావడానికి కారణం ఇదే. వాళ్లు తమకు సరిపోయే ఖాళీ కనబడిన ప్రతిసారీ మళ్లీ కొత్తగా దరఖాస్తు చేసుకోవడమే మేలు.

చివరి రౌండ్ దాకా వెళ్లినవాళ్ల సంగతి వేరు. వాళ్ల పేరు కింద రెజ్యూమెతో పాటు ఇంటర్వ్యూ చేసినవాళ్లు రాసిన అభిప్రాయాలు కూడా ఉంటాయి. "తీసుకోవచ్చు, కానీ ఫలానా అనుభవం తక్కువ" అని ఒక మేనేజర్ రాసిపెడితే ఆ మనిషిని మళ్లీ మొదటినుంచి పరీక్షించాల్సిన పని తగ్గుతుంది. రిక్రూటర్‌కు అది వారాల పని ఆదా. ఇలాంటివాళ్లను మాలో మేము సిల్వర్ మెడలిస్ట్ అనుకుంటాం, అంటే రెండో స్థానంలో నిలిచినవాళ్లు. మీరు అడిగిన ప్రశ్న ఇలాంటివాళ్ల విషయంలోనే నిజంగా విలువైనది, అందుకే దీని మీదే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

నేను చూసిన ఒక నియామకం చెబుతాను. ఫైనాన్స్ టీమ్‌లో అనలిస్ట్ ఉద్యోగం, ఒకటే ఖాళీ. చివరికి ఇద్దరు మిగిలారు. ఇంటర్వ్యూలు ముగిశాక ప్యానెల్ కూర్చుని మాట్లాడుకుంది. ఇద్దరూ పని చేయగలరని అందరూ ఒప్పుకున్నారు. ఒకరికి ఆ కంపెనీ వాడే సాఫ్ట్‌వేర్ ముందే తెలుసు, రెండో ఆవిడకు తెలియదు. ఆమె జవాబులు ఇంకా లోతుగా ఉన్నాయని ఒకరు వాదించారు కూడా. కానీ త్రైమాసికం లెక్కలు ముంచుకొస్తున్నాయి, నేర్పించే తీరిక లేదని మేనేజర్ మొదటి మనిషినే ఎంచుకున్నారు.

ఆ తర్వాత జరిగింది బయటివాళ్లకు కనబడదు. జీతానికి పైనుంచి ఆమోదం రావాలి, అందుకు కొన్ని రోజులు. ఆఫర్ పంపాక అభ్యర్థి ఆలోచించుకోవడానికి మరికొన్ని రోజులు. ఈ మధ్యలో రెండో ఆవిడ ఫోన్ చేసి అడిగితే "ప్రాసెస్ ఇంకా నడుస్తోంది" అన్న జవాబే వెళ్లింది. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. మొదటి మనిషి కాదంటే ఆమెకే ఆఫర్ వెళ్లాలి, కాబట్టి ఆమెకు నో చెప్పడానికి లేదు. మీరు మా రెండో ఎంపిక అని చెప్పడానికీ ఎవరూ ఇష్టపడరు. మొదటి మనిషి సంతకం చేశాక ఆమెకు మెయిల్ వెళ్లింది. అందులో సరిగ్గా మీకొచ్చిన వాక్యమే ఉంది.

ఆమె మర్నాడే రెండు మూడు వాక్యాల జవాబు పంపింది. ధన్యవాదాలు చెప్పి, అదే టీమ్‌లో గానీ బడ్జెట్ పనులు చూసే టీమ్‌లో గానీ ఖాళీ వస్తే తనకు ఆసక్తి ఉందని రాసింది. సుమారు మూడు వారాల తర్వాత మొదటి మనిషి చేరనని చెప్పేశారు. ఉన్న కంపెనీ జీతం పెంచి ఆపుకుంది. ఆ సాయంత్రమే ఆమెకు ఫోన్ వెళ్లింది, కొత్తగా ఏ ఇంటర్వ్యూ లేకుండా ఆఫర్ ఇచ్చారు. జవాబు రాయకపోయినా ఫోన్ వెళ్లేదే, ఎందుకంటే ప్యానెల్ అభిప్రాయాలు బలంగా ఉన్నాయి. కానీ ఆమె ఇంకా ఆసక్తితో ఉందని ముందే తెలియడం వల్ల మేనేజర్ మళ్లీ ప్రకటన వేద్దామా అన్న ఆలోచనకే పోలేదు.

ఇలా జరగడం అరుదైన అద్భుతమేమీ కాదు. ఆఫర్ ఒప్పుకుని చేరకుండా ఆగిపోయేవాళ్లు, చేరిన కొన్ని వారాలకే మానేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అలాగని లెక్కపెట్టుకుని కూర్చోవడానికీ వీల్లేదు. చాలా నియామకాల్లో మొదటి మనిషి వచ్చి చేరతారు, రెండో మనిషి కథ అక్కడితో ముగుస్తుంది.

ఇప్పుడు మీ విషయానికి వద్దాం. మీకు చివరి రౌండ్ తర్వాత రెండు వారాలు ఏ కబురూ లేదు. ఆ వెంటనే "వేరే అభ్యర్థితో ముందుకు వెళ్తున్నాం" అన్నారు. మేనేజర్‌కు నచ్చనివాళ్ల విషయం సాధారణంగా రెండు మూడు రోజుల్లో తేలిపోతుంది. రెండు వారాలు పట్టిందంటే, మొదటి మనిషి జవాబు కోసం ఆగి మిమ్మల్ని పక్కన సిద్ధంగా పెట్టుకుని ఉండొచ్చు. మేనేజర్ సెలవులో ఉండడమో, ప్యానెల్‌లో ఒకరు అభిప్రాయం రాయడం ఆలస్యం చేయడమో కూడా కావచ్చు. కాబట్టి ఇది రుజువు కాదు, ఒక సూచన మాత్రమే. మెయిల్ వచ్చేసింది కాబట్టి మొదటి మనిషి ఆఫర్ ఒప్పుకున్నారనే అనుకోవాలి. ఇక మిగిలినవి రెండు దారులు. ఆ మనిషి చేరకపోవడం ఒకటి, అలాంటిదే ఇంకో ఖాళీ రావడం రెండోది. రెండూ మీ చేతిలో లేవు, వాటికి తేదీ కూడా లేదు. చేతిలో ఉన్న ఆఫర్‌కు మాత్రం జవాబు చెప్పాల్సిన గడువు ఉంటుంది.

మెయిల్‌ను ఇంకోసారి ఇలా చూడండి. పైన మీ పేరు, కింద రిక్రూటర్ పేరు ఉన్నంత మాత్రాన మీకోసం రాసినట్టు కాదు, ఆ రెండూ సాఫ్ట్‌వేరే నింపుతుంది. మీ ఇంటర్వ్యూలో ఉన్నవాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియని సంగతి ఒక్కటైనా ఉందా? "మీరు చెప్పిన ఫలానా ప్రాజెక్టు మా మేనేజర్‌కు బాగా నచ్చింది" లాంటి మాట ఉంటే ఒక మనిషి కూర్చుని రాశారని అర్థం. "వచ్చే త్రైమాసికంలో ఇంకో రెండు పొజిషన్లు తెరుస్తున్నాం" అని సమయంతో చెప్పినా, మెయిల్ పంపకుండా ఫోన్ చేసి చెప్పినా అంతే. రిక్రూటర్లకు నో అని ఫోన్‌లో చెప్పడం చాలా కష్టమైన పని. ఆ కష్టం పడ్డారంటే మీతో సంబంధం నిలుపుకోవాలన్న ఉద్దేశం ఉన్నట్టే. ఇవేవీ లేకపోతే మామూలు మెయిల్ అనుకోండి. కానీ మామూలు మెయిల్ వచ్చినంత మాత్రాన మీరు రెండో స్థానంలో లేరని కాదు. నేను పైన చెప్పిన ఆవిడకు వచ్చింది కూడా అదే.

జవాబు ఒకటి రెండు రోజుల్లో రాయండి, పొడవుగా వద్దు. మెయిల్ వచ్చిన చిరునామాకు జవాబులు వెళ్లవని రాసి ఉంటే, అంతకుముందు మీ ఇంటర్వ్యూ తేదీలు ఖరారు చేసిన రిక్రూటర్ మెయిల్‌కు పంపండి. సారం ఇలా ఉంటే చాలు:

"తెలియజేసినందుకు ధన్యవాదాలండీ. టీమ్‌తో మాట్లాడాక ఈ పని మీద నా ఆసక్తి పెరిగింది. ఇదే పొజిషన్ మళ్లీ తెరుచుకున్నా, ఫలానా తరహా పని ఉన్న ఖాళీ వచ్చినా నన్ను తప్పకుండా పరిగణించండి. వీలైతే ఒక్క విషయం చెప్పగలరా: ఈ పనికి నా అనుభవంలో ఏ భాగం తక్కువగా అనిపించింది?"

ఇందులో రెండు పనులు జరుగుతున్నాయి. మొదటిది, పొజిషన్ మళ్లీ తెరుచుకుంటే మీరు సిద్ధమని రాతపూర్వకంగా వాళ్ల దగ్గర ఉంటుంది. ఆ "ఫలానా తరహా" దగ్గర నిజంగా మీకు కావలసిన పని పేరు రాయండి. ఏ ఉద్యోగమైనా ఫర్వాలేదు అని రాస్తే రిక్రూటర్‌కు ఏ ఖాళీకీ మీరు గుర్తురారు. రెండోది, కారణం అడిగిన తీరు. "నన్ను ఎందుకు తీసుకోలేదు" అని అడిగితే జవాబు రాదు, వచ్చినా ఇంకో మర్యాద వాక్యమే వస్తుంది. రాతలో కారణం చెబితే వాదన మొదలవుతుందని, చట్టపరమైన చిక్కు వస్తుందని కంపెనీలు భయపడతాయి. పైగా మీతో మాట్లాడే రిక్రూటర్ చాలాసార్లు ఆ గదిలో లేని మనిషి, ప్యానెల్ రాసిన రెండు లైన్లే వాళ్లకు తెలుసు. అనుభవంలో ఏ భాగం తక్కువ అన్నది మాత్రం ఆ రెండు లైన్లలో సాధారణంగా ఉంటుంది, చెప్పడానికి పెద్ద ఇబ్బందీ ఉండదు. అయినా చాలామంది చెప్పరు. చెప్పకపోతే మళ్లీ అడగొద్దు.

ఆ తర్వాత ఓ నెల, నెలన్నరకు ఒకసారి పలకరించవచ్చు, అదీ కొత్త సంగతి ఉంటేనే. కొత్త ఆఫర్ ఒప్పుకుని చేరిపోతే ఆ విషయం కూడా ఒక్క లైన్‌లో చెప్పండి. దానివల్ల దారులేమీ మూసుకుపోవు. వారానికోసారి "ఏమైనా తెలిసిందా" అని అడిగితే మాత్రం రిక్రూటర్ మెల్లగా జవాబులు ఆపేస్తారు.

అదే కంపెనీ సైట్‌లో మీకు సరిపోయే ఖాళీ కనిపిస్తే, "నా ప్రొఫైల్ వాళ్ల దగ్గర ఉంది కదా, వాళ్లే చూస్తారు" అనుకోకండి. మళ్లీ దరఖాస్తు చేయండి, అదే రోజు ఆ రిక్రూటర్‌కు ఒక మెయిల్ పెట్టండి. పాత ఖాళీ నంబరు కింద ఉన్న మీ పేరు కొత్త నంబరు కిందకు దానంతట అది రాదు, ఎవరో ఒకరు తీసుకెళ్లి పెట్టాలి. ఒక్క జాగ్రత్త. కొన్ని కంపెనీల్లో ఇంటర్వ్యూలో నో వచ్చాక ఆరు నెలలో ఏడాదో మళ్లీ దరఖాస్తు తీసుకోరు, కూలింగ్ పీరియడ్ అంటారు. చాలా చోట్ల అది అదే తరహా ఉద్యోగానికే వర్తిస్తుంది. మీకు అది ఉందో లేదో రిక్రూటర్‌ను నేరుగా అడగొచ్చు, ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

ఇలాంటివే వేరే వాక్యాలూ ఉన్నాయి కాబట్టి వాటి సంగతి కూడా క్లుప్తంగా చెబుతాను. "ఈ పనికి మరింత దగ్గరి అనుభవం ఉన్నవారిని ఎంచుకున్నాం" అన్నది కూడా ముందే రాసిపెట్టిన వాక్యమే, కానీ చివరి రౌండ్ తర్వాత వస్తే చాలావరకు నిజమే. "మీ అర్హతలు ఈ పనికి ఎక్కువ" అన్నారంటే జీతం సరిపోదనో, త్వరగా మానేస్తారనో భయం. ఆ పని నిజంగా మీకు కావాలంటే ఆ రెండు భయాలకూ అప్పుడే, ఆ సంభాషణలోనే జవాబు చెప్పాలి. మెయిల్ వచ్చాక చెప్పి లాభం ఉండదు.

"పొజిషన్ హోల్డ్‌లో పెట్టారు" అన్నది మాత్రం కాస్త వేరు, ఎందుకంటే అది నిజమైనప్పుడు మీ మీద ఏ తీర్పూ లేదు. బడ్జెట్ ఆపేసి ఉండొచ్చు, మేనేజరే వెళ్లిపోయి ఉండొచ్చు, లోపలి ఉద్యోగి ఎవరో ఆ పని అడిగి ఉండొచ్చు. అలాంటప్పుడు "మళ్లీ ఎప్పుడు నిర్ణయం తీసుకుంటారో తెలుసా" అని అడగండి. నిజంగా హోల్డ్ అయితే రిక్రూటర్‌కు ఏదో ఒక నెల పేరైనా తెలిసి ఉంటుంది, లేదా తనకూ తెలియదని సూటిగా చెబుతారు. ప్రకటన సైట్‌లో ఇంకా కనబడుతోంది కాబట్టి అబద్ధం చెప్పారని తేల్చేయకండి. హోల్డ్‌లో పెట్టిన ప్రకటన తీసేయడం చాలామంది మర్చిపోతారు. అదే ప్రకటన కొత్త తేదీతో, మారిన అర్హతలతో మళ్లీ వస్తే మాత్రం వాళ్లకు కావలసిన మనిషి మారారని అర్థం. ఆ మారిన అర్హతలు చదవండి, మీకు ఎవరూ చెప్పని కారణం చాలాసార్లు అక్కడే కనిపిస్తుంది.

ఇంకొక్క మాట. ఎవరైనా ఫోన్ చేసి "మా దగ్గర ఉంచిన మీ ప్రొఫైల్ ఇప్పుడు సెలెక్ట్ అయింది, యాక్టివేట్ చేయడానికి ఇంత కట్టండి" అంటే అది మోసం. రిజెక్ట్ అయినవాళ్ల ఆశ మీద ఆడే ఆట అది. ఉద్యోగం ఇచ్చే కంపెనీ దాచిన ప్రొఫైల్‌కు డబ్బు అడగదు. ఫోన్ పెట్టేసి, మీ ఇంటర్వ్యూ ఏర్పాటు చేసిన రిక్రూటర్ మెయిల్‌కే రాసి కనుక్కోండి.

మీ చేతిలో ఉన్న ఆఫర్‌కు గడువు ఎప్పటిదాకా ఉంది? ఇంకా నాలుగైదు రోజులుంటే జవాబు మెయిల్ ఈరోజే పంపి, అందులో ఒక లైన్ కలపండి: "నాకు వేరే ఆఫర్ ఉంది, ఫలానా తేదీలోపు ఒప్పుకోవాలి." రెండో స్థానంలో ఉండి, మొదటి మనిషి విషయంలో ఏదైనా అనుమానం ఉంటే రిక్రూటర్ ఆ తేదీలోపే ఫోన్ చేస్తారు. ఆ తేదీలోపు ఫోన్ రాకపోతే మీ చేతిలో ఉన్నదానికి సంతకం పెట్టేయండి.